సిగ్నల్ దగ్గర క్లచ్ నొక్కగానే ఇంజిన్ ఆగిపోతోంది: 1.2 పెట్రోల్, మాన్యువల్

ఎంవీపీ_సెక్టార్7
2016 మోడల్ 1.2 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, మాన్యువల్ గేర్లు, 78 వేల కిలోమీటర్లు తిరిగింది. మధురవాడ వైపు నుంచి హైవే మీద వస్తూ హనుమంతవాక దగ్గర సిగ్నల్ పడిందని యాక్సిలరేటర్ వదిలి, బ్రేకు వేసి, క్లచ్ నొక్కితే ఆర్‌పీఎం ముల్లు 800 దగ్గర నిలబడకుండా అలాగే కిందకి జారిపోతోంది. ఇంజిన్ ఆఫ్. ప్రతిసారీ కాదు, కానీ ఏసీ ఉంటే మాత్రం తరచూ అవుతోంది. పొద్దున్న చల్ల ఇంజిన్ మీద అస్సలు రాదు. తాళం తిప్పగానే మళ్లీ స్టార్ట్ అయిపోతుంది. చెక్ ఇంజిన్ లైటు లేదు.

వర్క్‌షాపులో ప్లగ్గులు మార్చారు, తేడా లేదు. ఇప్పుడు ఇంజెక్టర్ క్లీనింగ్ అంటున్నారు, అది కాకపోతే పెట్రోల్ పంపు అట. పర్సు ఖాళీ అయ్యేలోగా ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

కంచరపాలెం_కార్బ్
ఐడిలింగ్ స్క్రూ అరచుట్టు బిగించమను. అయిపోద్ది.

ఓబీడీ_పిచ్చి
2016 బండికి ఐడిలింగ్ స్క్రూ ఎక్కడిది మాస్టారూ. ఇంజిన్‌కి గాలి వదిలే థ్రాటిల్‌కి తీగ కూడా ఉండదు, అంతా మోటారే. థ్రాటిల్ మీద ఒక స్టాప్ స్క్రూ కనిపిస్తుంది గానీ అది ఫ్యాక్టరీలో సెట్ చేసి సీల్ వేసింది. దాన్ని కదిపితే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, అదే ఈసీయూకి, జీరో ఎక్కడో తెలీకుండా పోతుంది.

కంచరపాలెం_కార్బ్
మా రోజుల్లో స్క్రూడ్రైవర్ ఒకటి చాలేది. ఇప్పుడు లాప్‌టాప్ కావాలి. సర్లే, చదువుతా.

రుషికొండ_రైడర్
పెట్రోలే అయి ఉంటుంది. ఇరవై శాతం ఇథనాల్ కలిపినప్పటి నుంచి అందరి బళ్లూ ఇలాగే ఉన్నాయి. ట్యాంకు ఖాళీ చేసి ప్రీమియం కొట్టించండి.

ఆటోనగర్_స్పానర్
ప్రీమియం కొట్టిస్తే బంకు వాడికి లాభం, ఈ లక్షణానికి కాదు. పెట్రోల్ పాడైతే చల్ల ఇంజిన్ మీద ముందు ఏడుస్తుంది. ఈయనకి చల్లగా ఉన్నప్పుడు బానే ఉంది, వేడెక్కాకే గొడవ. ఆ ఒక్క ముక్కలోనే సగం సమాధానం ఉంది.

చల్లగా ఉన్నప్పుడు ఈసీయూ థ్రాటిల్ పలకని ఎక్కువ తెరిచి 1200 పైన ఆడిస్తుంది. సందు పెద్దది కాబట్టి అంచున కాస్త మసి ఉన్నా లెక్కలోకి రాదు. వేడెక్కాక పలక దాదాపు మూసుకుపోయి, వెంట్రుకంత సందులోంచే ఇంజిన్ ఊపిరి పీల్చుకోవాలి. మసి చేటు చేసేది అక్కడే.

ఇక సిగ్నల్ దగ్గరే ఎందుకంటే, గేర్‌లో ఉండి కాలు తీసేస్తే ఈసీయూ ఇంజెక్టర్లు పూర్తిగా ఆపేస్తుంది. చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతుంటాయి. మీరు క్లచ్ నొక్కగానే ఆ ఆసరా పోతుంది, ఆర్‌పీఎం దబ్బున పడుతుంది. వెయ్యీ పదిహేను వందల మధ్య ఎక్కడో, బండిని బట్టి, ఇంజెక్టర్లు మళ్లీ మొదలవుతాయి. అదే క్షణంలో పలక కొంచెం తెరుచుకుని గాలి ఇవ్వాలి. పడిపోతున్న ఇంజిన్‌ని పట్టుకోవడానికి అర సెకను టైము. పలక అంచున జిడ్డు ఉంటే ఈసీయూ ఒక డిగ్రీ తెరిచినా రావలసినంత గాలి రాదు. అప్పుడే ఏసీ కంప్రెసర్ లాగిందంటే ఇంజిన్ చచ్చిపోతుంది.

@ఎంవీపీ_సెక్టార్7 ఒక పరీక్ష చెయ్యండి. క్లచ్ తొందరగా నొక్కకుండా మూడో గేర్‌లోనే ఇరవై ఇరవై ఐదు స్పీడ్ దాకా దిగి, అప్పుడు నొక్కండి. ఏసీ ఆపి ఒకసారి, పెట్టి ఒకసారి.

డీజిల్_దొర
నాది డీజిల్ ఎస్‌యూవీ, స్లోలో ఆగిపోతోంది. నేను కూడా థ్రాటిల్ క్లీన్ చేయించాలా?

ఆటోనగర్_స్పానర్
దొరగారూ, డీజిల్ లెక్క వేరు. అక్కడ ఐడిలింగ్‌ని నడిపేది గాలి కాదు, ఇంధనం. పొగని తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు తెరుచుకుని ఇరుక్కుందేమో, డీజిల్ ఫిల్టర్ వయసెంతో చూసుకోండి. వేరే దారం మొదలెట్టండి, ఇక్కడ కలిపితే ఇద్దరికీ అర్థం కాదు.

ఎంవీపీ_సెక్టార్7
పరీక్ష చేశా. మూడో గేర్‌లో ఇరవై దాకా దిగి క్లచ్ నొక్కితే ముల్లు 600కి పడి లేస్తోంది, ఆగిపోవట్లేదు. అరవై మీద నుంచి నేరుగా క్లచ్ నొక్కితే, ఏసీ ఉంటే, ఆగుతోంది. ఏసీ లేకపోతే వణికి నిలబడుతోంది.

ఉక్కునగరం_సుజాత
బ్రేక్ బూస్టర్ కూడా చూడండి. బ్రేకు నొక్కినప్పుడే ఆగుతోందంటే బూస్టర్ లోపల డయాఫ్రమ్ చిరిగి, నొక్కినంతసేపూ గాలి, సిలిండర్లకి గాలి పంచే మ్యానిఫోల్డ్‌లోకి పోతూ ఉండొచ్చు. ఇంట్లోనే తెలుస్తుంది. ఇంజిన్ ఆపి పెడల్ గట్టిపడేదాకా నాలుగైదుసార్లు నొక్కండి, కాలు అలాగే ఉంచి స్టార్ట్ చెయ్యండి. పెడల్ కొంచెం కిందకి దిగాలి. తర్వాత ఐడిలింగ్‌లో పెడల్ నొక్కి పట్టుకుని అర నిమిషం వినండి. కాళ్ల దగ్గర సుయ్‌మని ఆగకుండా శబ్దం వస్తున్నా, ఆర్‌పీఎం మారుతున్నా బూస్టర్ మీద అనుమానం. నాదీ అదే 1.2 ఇంజిన్, 52 వేలు తిరిగింది, రీడింగులు కావాలంటే ఇస్తాను.

ఎంవీపీ_సెక్టార్7
పెడల్ బానే దిగింది, శబ్దం లేదు, ఆర్‌పీఎం మారలేదు. నిలబడి ఉన్న బండిలో బ్రేకు ఎంత నొక్కినా ఏమీ అవ్వట్లేదు.

ఆటోనగర్_స్పానర్
బూస్టర్ పక్కన పెట్టేయండి. సుజాతగారూ, మీ రీడింగులు ఇస్తే బంగారం. అదే ఇంజిన్ బాగున్న బండిది పక్కన ఉంటే సగం పని అయిపోయినట్టే. ఇద్దరూ ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక, రేడియేటర్ ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగాక, ఏసీ, లైట్లు ఆపి తీయండి.

ఓబీడీ_పిచ్చి
బ్లూటూత్ ఓబీడీ ప్లగ్గు చాలు, పెద్ద స్కానర్ అక్కర్లేదు. యాప్‌లో RPM, మ్యానిఫోల్డ్ ఒత్తిడి చూపే MAP, ఈసీయూ ఇంధనాన్ని ఎంత శాతం సవరిస్తోందో చెప్పే ట్రిమ్‌లు, అంటే అప్పటికప్పటి STFT, దీర్ఘకాలపు LTFT, ఇంకా Throttle Position పెట్టుకోండి. మొదట ఇంజిన్ స్టార్ట్ చెయ్యకుండా తాళం ఆన్ చేసి MAP చూడండి. మన ఊరు సముద్రమట్టం కాబట్టి 100, 101 kPa దగ్గర చూపించాలి. 90, 91 చూపిస్తే సెన్సారే అబద్ధమాడుతోంది. అరకులో అయితే అది మామూలే.

ఉక్కునగరం_సుజాత
నా బండి: RPM 740–760 కదలకుండా. MAP 33–34. STFT సున్నా చుట్టూ మూడు అటూ ఇటూ. LTFT +3.9. Throttle 14.9.

ఎంవీపీ_సెక్టార్7
నాది: తాళం ఆన్‌లో MAP 100. స్టార్ట్ చేశాక RPM 640 నుంచి 790 మధ్య ఊగుతోంది. MAP 35–38. STFT −2 నుంచి +3. LTFT +4.7. Throttle 15.3.

ఓబీడీ_పిచ్చి
ఇందులో ఏమీ లేదు. ట్రిమ్ రెండూ బాగున్నాయి, అంటే పక్కదారిన గాలి దూరే వాక్యూమ్ లీక్ లేదు. లీక్ ఉంటే గాలి ఎక్కువై, ఇంధనం చాలక లీన్ అయి LTFT ఇరవై దాకా ఎక్కాలి, 2500 ఆర్‌పీఎం దగ్గర దిగాలి. థ్రాటిల్ కూడా సుజాతగారి బండితో సమానంగానే ఉంది, అంటే మసి లేదు. నా ఓటు పెట్రోల్ పంపుకే.

ఆటోనగర్_స్పానర్
సగం ఒప్పుకుంటా. మీరు చెప్పిన ట్రిమ్ లెక్క గాలిని ముందే కొలిచే మాఫ్ సెన్సార్ ఉన్న బళ్లకి నూటికి నూరుపాళ్లు నిజం. అక్కడ సెన్సార్ దాటాక దూరిన గాలి లెక్కలోకి రాదు, ఇంధనం తక్కువ పడుతుంది, ట్రిమ్ ప్లస్‌లోకి పోతుంది. ఈ ఇంజిన్‌కి మాఫ్ లేదు. మ్యానిఫోల్డ్‌లో ఒత్తిడి చూసి గాలి ఎంతో లెక్క కడుతుంది. లీక్ గాలి కూడా ఆ ఒత్తిడిని పెంచుతుంది, ఈసీయూ దానికీ ఇంధనం పోసేస్తుంది. ట్రిమ్ పెద్దగా కదలదు. కాబట్టి ట్రిమ్ బాగుంది, లీక్ లేదు అని ఇక్కడ చెప్పలేం. ఈ రకం బళ్లలో లీక్ ఉంటే ఐడిలింగ్ పెరుగుతుంది, దాన్ని దించడానికి ఈసీయూ పలక ఇంకా మూస్తుంది. అంటే చూడాల్సింది Throttle అంకె.

ఇక థ్రాటిల్ సమానంగా ఉంది కాబట్టి శుభ్రంగా ఉందన్నారు. మసి ఉంటే అంకె పెరుగుతుంది, లీక్ ఉంటే తగ్గుతుంది. రెండూ కలిసి ఉంటే? ఒకదాన్నొకటి కొట్టేసుకుని 15 అనే చూపిస్తుంది. ఉందని అనట్లేదు. అంకె ఒక్కటి చూసి వదిలేయొద్దంటున్నా. RPM ఊగుతోంది, MAP సుజాతగారి కంటే పైన ఉంది, అవి ఊరికే రావు.

పంపు బలహీనమైతే ముందు బయటపడేది సింహాచలం ఘాట్ ఎక్కేటప్పుడు, మూడో గేర్‌లో నిండా తొక్కినప్పుడు. ఐడిలింగ్‌కి కావాల్సింది చెంచాడు పెట్రోల్. ఘాట్‌లో లాగుతోందా?

ఎంవీపీ_సెక్టార్7
లాగడంలో లోటేమీ లేదు. పోయిన వారం కైలాసగిరి కూడా ఎక్కా, ఏసీతోనే.

రుషికొండ_రైడర్
LTFT +4.7 అంటే పెట్రోల్ తేడా కాదా మరి?

ఓబీడీ_పిచ్చి
అది ఇథనాల్ వల్లే, అందులో మీరు చెప్పింది కరెక్టు. ఇథనాల్ ఎక్కువైతే అదే గాలికి కాస్త ఎక్కువ ఇంధనం కావాలి, అందుకే LTFT మూడు నుంచి ఆరు దాకా ప్లస్‌లో కూర్చుంటుంది. సుజాతగారికీ +3.9 ఉంది, ఆవిడ బండి ఆగట్లేదుగా.

ఆటోనగర్_స్పానర్
ఇంక మాటలొద్దు, గొట్టం విప్పి చూడండి. ఇంజిన్ చల్లగా ఉండాలి, తాళం జేబులో ఉండాలి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా నుంచి థ్రాటిల్‌కి వచ్చే లావు రబ్బరు గొట్టం జూబిలీ క్లిప్ వదులు చేసి లాగితే పలక కనిపిస్తుంది. మొబైల్ టార్చి వేసి పలక కింది అంచు, అది గోడకి తగిలే చోటు చూడండి. పైకి మెరుస్తూ ఉన్నా నమ్మొద్దు, మసి కూర్చునేది వెనక వైపు. ఇంజిన్ ఆపాక క్రాంక్‌కేస్ నుంచి వచ్చే నూనె ఆవిరి అక్కడే చల్లబడి అంటుకుంటుంది.

ఎంవీపీ_సెక్టార్7
చూశా. ముందు వైపు లేత గోధుమరంగు, పెద్దగా ఏమీ లేదు. అద్దం ముక్క పెట్టి వెనక చూస్తే పలక చుట్టూ గోడ మీద నల్లటి ఉంగరం. పుల్లతో గీకితే తారులా సాగుతోంది.

కంచరపాలెం_కార్బ్
అదీ! పెట్రోల్‌లో గుడ్డ ముంచి తుడిచెయ్.

ఆటోనగర్_స్పానర్
పెట్రోల్ వద్దు, ఎమరీ కాగితం అస్సలు వద్దు. చాలా థ్రాటిల్ బాడీల్లో పలక అంచుకీ గోడకీ సన్నటి పూత ఉంటుంది. అది గీకేస్తే ఐడిలింగ్ సందు శాశ్వతంగా మారిపోతుంది. పాత కార్బ్యురేటర్ క్లీనర్ కూడా కొన్ని పూతల్ని తినేస్తుంది. డబ్బా మీద థ్రాటిల్ బాడీ క్లీనర్ అని, సెన్సార్లకి హాని చెయ్యదని రాసి ఉన్నదే తీసుకోండి.

మసి వెనక ఉంది కాబట్టి బాడీ విప్పాల్సిందే. సాధారణంగా నాలుగు 10 నంబర్ బోల్టులు. కరెంటు సాకెట్ ముందు తీయండి. కూలెంట్ పైపులు రెండు ఉంటే వాటిని పీకక్కర్లేదు, బాడీని అలాగే పక్కకి తిప్పుకుంటే చాలు. క్లీనర్ నేరుగా కొట్టకండి. గుడ్డ మీద కొట్టి తుడవండి, ఇరుకు చోట మెత్తటి పళ్ల బ్రష్. నేరుగా కొడితే అది ఇరుసు వెంబడి మోటారు వైపుకి, సెన్సార్ వైపుకి పాకుతుంది. బాడీని మోటారు పైకి ఉండేలా పట్టుకోండి. అడుగున ఉన్న గాస్కెట్ లేదా ఓ-రింగ్ చదునైపోయి ఉంటే కొత్తది వెయ్యండి, సిలికాన్ పుయ్యకండి. బోల్టులు అల్యూమినియంలోకి పోతాయి, చిన్న రెంచ్‌తో మణికట్టు బలం చాలు, ఎదురెదురు వరసలో బిగించండి.

భీమిలి_గ్యారేజ్
అంతా బానే చెప్పారు గానీ పలకని ఎలా తెరుస్తాడు? వేలితో నెట్టొద్దు. లోపల ప్లాస్టిక్ గేర్లు. కొన్ని కంపెనీల మాన్యువల్లో చేత్తో కదపొద్దని స్పష్టంగా రాసి ఉంటుంది. తాళం ఆన్ చేసి, ఒక మనిషిని యాక్సిలరేటర్ తొక్కి పట్టుకోమని, విప్పకుండానే తుడవాలి.

ఆటోనగర్_స్పానర్
తాళం ఆన్‌లో పలక దగ్గర వేళ్లు పెట్టమంటారా? లోపల మనిషి కాలు జారితే పలక స్ప్రింగు బలంతో మూసుకుంటుంది. వేలు నలిగిందంటే ఆసుపత్రే. సాకెట్ పీకేసి, మెల్లగా, కుదుపు లేకుండా, ఒకే ఒత్తిడితో తెరిస్తే గేర్లు విరగవు. వదిలేటప్పుడు టప్పున వదలకూడదు, వేలితోనే వెనక్కి తీసుకురావాలి.

భీమిలి_గ్యారేజ్
మీకు విరగలేదేమో. నేను ఆ పద్ధతి ఒప్పుకోను. ప్లాస్టిక్ పుల్ల అడ్డం పెట్టి తుడిస్తే వేలు సురక్షితం, గేరూ సురక్షితం.

ఆటోనగర్_స్పానర్
ఆ పుల్ల జారి లోపల పడితే ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ విప్పాలి. మన ఇద్దరికీ కుదరదులెండి. సెక్టార్7 గారూ, మీకు ఏది నచ్చితే అది చెయ్యండి, మీ బండి మాన్యువల్‌లో ఏముందో ఒకసారి చూసుకుని మరీ.

ఉక్కునగరం_సుజాత
క్లీన్ చేశాక ఐడిలింగ్ 1300, 1500 దాకా పోవచ్చు, కంగారు పడకండి. ఈసీయూ మసి ఉన్న సందుకి అలవాటు పడి పలకని ఎక్కువ తెరుస్తూ వచ్చింది. ఇప్పుడు సందు ఖాళీ. కొత్తగా నేర్పాలి. స్కానర్‌లో థ్రాటిల్ అడాప్టేషన్ అనే ఆప్షన్ ఉంటే అదే మేలు.

భీమిలి_గ్యారేజ్
లేకపోతే చాలా బళ్లకి పనిచేసేది ఇది: యాక్సిలరేటర్ ముట్టుకోకుండా తాళం ఆన్ చేసి పది సెకన్లు, ఆఫ్ చేసి పదిహేను సెకన్లు. తర్వాత స్టార్ట్ చేసి ఏసీ, లైట్లు ఆపి ఫ్యాన్ రెండుసార్లు తిరిగేదాకా ఐడిలింగ్‌లో వదిలెయ్యండి. ఆ తర్వాత ఏసీ పెట్టి ఐదు నిమిషాలు. బ్యాటరీ వైరు పీకడం ఆఖరి దారి. దానితో ట్రిమ్ కూడా చెరిగిపోతుంది, స్టీరియోకి కోడ్ ఉంటే అదీ అడుగుతుంది.

కంచరపాలెం_కార్బ్
ఏటి, బండికి కూడా ట్యూషన్ చెప్పాలేటి ఇప్పుడు.

ఎంవీపీ_సెక్టార్7
విప్పి తుడిచాం. ఓ-రింగ్ చదునుగా ఉంది, కొత్తది వేశా. గుడ్డంతా నలుపు. అడాప్టేషన్ స్కానర్ ఉన్నవాళ్ల చేత చేయించా, పూర్తయిందని చూపించింది.

సిగ్నల్ దగ్గర ఆగిపోవడం పోయింది. కానీ ఐడిలింగ్ 1150 దగ్గర నిలిచిపోయింది, కిందకి రానంటోంది. నిన్న చెక్ ఇంజిన్ లైటు కూడా వెలిగింది. కోడ్ P0507. Throttle 11.8 చూపిస్తోంది. MAP 38. ఇప్పుడేం చెయ్యాలి, మళ్లీ నేర్పించాలా?

ఓబీడీ_పిచ్చి
P0507 అంటే ఐడిలింగ్ ఉండాల్సిన దానికంటే ఎక్కువ. అడాప్టేషన్ సరిగా అవ్వలేదు. బ్యాటరీ పీకి మళ్లీ చెయ్యండి.

ఆటోనగర్_స్పానర్
ఆగండాగండి. Throttle 11.8 అంటే చూడండి. సుజాతగారి బండి 14.9 మీద 750 ఆడుతోంది. ఈయన ఈసీయూ పలకని ఇంకా మూసేసింది, మూయగలిగినంతా మూసింది, అయినా 1150. నేర్చుకోకపోతే పలక తెరుచుకుని ఉండాలి, మూసుకుని కాదు. పలక మూసి ఉంటే గాలి ఎక్కడి నుంచి వస్తోంది? వేరే కన్నంలోంచి. నేను అనుమానించింది ఇదే. ఇన్నాళ్లూ మసి ఒక దారి మూస్తే, లీక్ ఇంకో దారి తెరిచింది. మసి తీసేసరికి లీక్ బయటపడింది. ఇంక ఎన్నిసార్లు నేర్పించినా లాభం లేదు.

ఓబీడీ_పిచ్చి
ఓహో. Throttle అంకె దిశ చూడాలన్నమాట. సరే, ఒప్పుకున్నా. మరి ఎక్కడ వెతకాలి?

ఆటోనగర్_స్పానర్
కొత్త ఓ-రింగ్ సరిగా కూర్చుందో లేదో ముందు. తర్వాత మ్యానిఫోల్డ్‌కి అంటుకుని ఉన్న ప్రతి సన్న గొట్టం. వరసగా చెయ్యండి: ఇంజిన్ వేడిగా, ఐడిలింగ్‌లో. ప్లాస్ కొనలకి గుడ్డ చుట్టి, ఒక్కో గొట్టాన్ని మ్యానిఫోల్డ్‌కి దగ్గరగా, రెండు సెకన్లు మెల్లగా నొక్కి మూయండి. ఏది మూస్తే ఆర్‌పీఎం గబుక్కున దిగుతుందో దొంగ ఆ గొట్టంలోనే ఉన్నాడు. క్రాంక్‌కేస్ ఆవిరిని మ్యానిఫోల్డ్‌కి తెచ్చే పీసీవీ గొట్టం నొక్కితే బాగున్న బండిలోనూ ఓ ముప్పై నలభై మారొచ్చు, అది లెక్క కాదు.

ట్యాంకులోని పెట్రోల్ ఆవిరిని ఇంజిన్‌లోకి వదిలే పర్జ్ వాల్వు విడిగా చూడండి. దాని కరెంటు సాకెట్ పీకితే అది మూసుకుపోవాలి. ఆ ఆవిరిని పట్టి ఉంచే క్యానిస్టర్ వైపు గొట్టం తీసి వేలు పెట్టండి, పీలుస్తుంటే వాల్వు తెరుచుకుని ఇరుక్కుపోయింది. పెట్రోల్ కొట్టించిన వెంటనే స్టార్ట్ అవ్వడానికి మొరాయించే బళ్లలో అదే దోషి.

రుషికొండ_రైడర్
కార్బ్ క్లీనర్ కొడితే లీక్ ఉన్న చోట ఆర్‌పీఎం పెరుగుతుంది, యూట్యూబ్‌లో అందరూ అదే చేస్తారు.

భీమిలి_గ్యారేజ్
వేడి సైలెన్సర్ మ్యానిఫోల్డ్ పక్కనే ఉంది, పేలకుండా ఉండాలంటే దేవుడి దయ. అగ్గి పట్టే స్ప్రే వద్దు. ఇస్త్రీకి వాడే నీళ్ల స్ప్రే డబ్బా చాలు. గాస్కెట్ అంచుల మీద సన్నగా కొట్టండి, నీరు కాసేపు కన్నం మూస్తుంది, ఐడిలింగ్ ఒక్క క్షణం తగ్గుతుంది. కాయిల్స్ మీద, సాకెట్ల మీద పడనివ్వకండి. దాంతోనూ దొరక్కపోతే స్మోక్ టెస్ట్. మెషీను ఉన్నవాళ్ల దగ్గర పదిహేను నిమిషాల పని, పొగ ఎక్కడ వస్తే అక్కడే లీక్.

ఉక్కునగరం_సుజాత
బీచ్ రోడ్డు వైపు తిరిగే బళ్లకి సాకెట్ల పిన్నులు, ఎర్త్ బోల్టు కూడా చూడండి. ఉప్పుగాలికి పచ్చగా చిలుము పడుతుంది. దాని వల్ల లీక్ రాదు గానీ, వెతుకుతూ చేతిలో ఉండగానే చూసేస్తే పోతుంది.

ఎంవీపీ_సెక్టార్7
దొరికింది. బూస్టర్ గొట్టం నొక్కితే మార్పు లేదు. పర్జ్ సాకెట్ పీకితే మార్పు లేదు, వేలికి పీల్చట్లేదు. పీసీవీ గొట్టం మ్యానిఫోల్డ్ చివర నొక్కగానే 1150 నుంచి 780కి పడిపోయింది. గొట్టం తీసి చూస్తే పీసీవీ వాల్వు వైపు చివర, కింది భాగంలో, వేలి గోరంత పొడుగు చీలిక. పైనుంచి అస్సలు కనిపించదు. రబ్బరు నూనెకి ఉబ్బి మెత్తబడిపోయింది. చల్లగా ఉన్నప్పుడు చీలిక మూసుకుని ఉంటోంది, వేలితో సాగదీస్తే నోరు తెరుస్తోంది.

ఆటోనగర్_స్పానర్
వేడెక్కితేనే గొడవ రావడానికి అదీ ఒక కారణమే. RPM ఊగడం కూడా దీని వల్లే అనుకుంటా, చీలిక కాసేపు తెరుచుకుని కాసేపు మూసుకుంటుంటే ఈసీయూ దాని వెనకాల పరిగెట్టింది. చివర కత్తిరించి ఎక్కించకండి, పొట్టిదైపోయి మలుపులో మళ్లీ చీలుతుంది. గొట్టమే మార్చండి. పీసీవీ వాల్వుని కూడా తీసి చెవి దగ్గర ఆడించండి, గిలక్కాయలా టకటక లాడాలి. లాడకపోతే అదీ మార్చేయండి.

భీమిలి_గ్యారేజ్
ఏ గొట్టం పడితే అది వెయ్యకండి. నీళ్ల గొట్టం నూనె ఆవిరికి మూడు నెలల్లో ఉబ్బిపోతుంది, పైగా వాక్యూమ్‌కి లోపలికి నలిగిపోతుంది. అసలు పార్టే తీసుకోండి, దానికి మలుపు అచ్చులోనే పోసి ఉంటుంది.

ఎంవీపీ_సెక్టార్7
అసలు పార్టే వేశా, రెండు వైపులా కొత్త క్లిప్పులు. వాల్వు టకటక లాడింది, దాన్ని మార్చలేదు. కోడ్ చెరిపి, అడాప్టేషన్ మళ్లీ చేయించా. ఇప్పుడు RPM 750, ఊగట్లేదు. MAP 34. Throttle 14.6. LTFT +4.1. హనుమంతవాక, ఇసుకతోట, మద్దిలపాలెం మూడు సిగ్నళ్లలోనూ ఏసీతో అరవై మీద నుంచి క్లచ్ నొక్కి చూశా, ముల్లు 700కి పడి 750కి లేచి నిలబడుతోంది.

ఒక్కటే మిగిలింది. పార్కింగ్‌లో ఏసీ ఉండగా స్టీరింగ్ ఆఖరి దాకా తిప్పితే 620కి పడుతోంది. ఆగిపోవట్లేదు.

ఓబీడీ_పిచ్చి
కరెంటు స్టీరింగ్ కదా, ఆఖరి దాకా తిప్పితే ఆల్టర్నేటర్ మీద ఒక్కసారిగా లోడ్ పడుతుంది. యాప్‌లో వోల్టేజ్ పెట్టి చూడండి. ఐడిలింగ్‌లో 13.8 పైన ఉండి, స్టీరింగ్ తిప్పినప్పుడు 12 లోకి జారిపోతుంటే బ్యాటరీ, బెల్టు, ఆ ఎర్త్ బోల్టు.

ఉక్కునగరం_సుజాత
నాది 680 దాకా పడుతుంది అలా తిప్పితే. 620 కాస్త ఎక్కువే అనిపిస్తోంది.

ఎంవీపీ_సెక్టార్7
ఐడిలింగ్‌లో 13.9. తిప్పితే 12.6 కనిపించింది ఒక క్షణం. ఎర్త్ బోల్టు ఇంకా చూడలేదు, ఆదివారం చూస్తా.

రుషికొండ_రైడర్
అయితే ఇంక ప్రతి ఇరవై వేలకీ థ్రాటిల్ క్లీన్ చేయించుకుంటే సరిపోద్దా?

భీమిలి_గ్యారేజ్
అవును, సర్వీసులో పెట్టేయండి.

ఆటోనగర్_స్పానర్
అవసరం లేనిది విప్పడం దేనికి? విప్పిన ప్రతిసారీ ఓ-రింగ్, పూత, గేర్లు, అన్నీ రిస్కులో పడతాయి. బండి బాగున్నప్పుడు వేడి ఐడిలింగ్‌లో Throttle అంకె ఒకటి రాసి పెట్టుకోండి. అది రెండు మూడు పెరిగినప్పుడు విప్పండి. పెరగకపోతే ముట్టుకోకండి.

భీమిలి_గ్యారేజ్
అంకె 15 దగ్గరే ఉండి లోపల తారు ఉన్న బండిని ఇప్పుడే చూశాం కదా మాస్టారూ, ఇదే దారంలో.

ఆటోనగర్_స్పానర్
అందుకే MAP కూడా పక్కన రాసుకోమంటా. అది 34 నుంచి 37కి పోయి ఉంది ఆ బండిలో.

కంచరపాలెం_కార్బ్
డైరీ ఒకటి కొనాలన్నమాట కారుకి. నా పాత బండికి స్క్రూడ్రైవరే చాలు.

డీజిల్_దొర
నేను వేరే దారం మొదలుపెట్టా, ఈజీఆర్ విప్పి ఫొటోలు పెట్టా. స్పానర్ గారూ ఒకసారి అటు రండి.